ముంబైలో మెడికల్ షాపుకు పోతే కళ్ళు తిరగడం, కడుపు పాడవడం గురించి ఎట్ల చెప్పాలి?

ప్రశ్న: మాది నారాయణపేట దగ్గర పల్లె. మా నాన్న ముంబైకి సెంట్రింగు పనికి పోయిండు. షుగరు గోలీలు వాడుతడు. ఈమధ్య కండ్లు తిరుగుతున్నయట, కడుపు కూడా బాగుండట్లేదట. మెడికల్ షాపులో హిందీలో ఏం చెప్పాలో తెలుస్తలేదంటున్నడు. ఫోన్లో నేను ఏం నేర్పించాలి?

జవాబు:

ముందు మీ నాన్నకు ఈ ఒక్క వాక్యం బాగా నేర్పించండి: "ముఝే శుగర్ హై, శుగర్ కీ గోలీ ఖాతా హూం." నాకు షుగరుంది, దానికి గోలీలు వేసుకుంటున్నాను అని దాని అర్థం. కౌంటర్ దగ్గర మొదట ఇదే చెప్పాలి, బాధ సంగతి ఆ తర్వాతే. కళ్ళు తిరగడానికి "చక్కర్ ఆ రహా హై" అంటే చాలు. విరేచనాలకు "లూజ్ మోషన్ హో రహా హై", వాంతులకు "ఉల్టీ హో రహీ హై". వీటికి "కబ్ సే", అంటే ఎప్పటి నుంచి అన్నదీ, "కిత్నీ బార్", అంటే ఎన్నిసార్లు అన్నదీ జోడించాలి. "కల్ రాత్ సే, పాంచ్ బార్" అంటే నిన్న రాత్రి నుంచి ఐదుసార్లు. మామూలు బాధకు ఈ మాత్రం హిందీ సరిపోతుంది.

నేను డి.ఫార్మసీ చేసి కొంతకాలం ముంబైలో మెడికల్ షాపులో పనిచేశాను, ఇప్పుడు జడ్చర్లలో షాపు నడుపుతున్నాను. అక్కడ కౌంటర్ దగ్గరికి మన పాలమూరోళ్ళు వచ్చేవాళ్ళు. ఇక్కడికి పోలేపల్లి సెజ్‌లో పనిచేసే బీహార్, ఒడిశా పిల్లలు వస్తున్నారు. రెండు చోట్లా నేను చూసింది ఒకటే. బాధ పేరు దగ్గర ఎవరూ పెద్దగా ఆగిపోరు. మన దగ్గర "చక్కరొస్తుంది" అననివాళ్ళు ఎంతమంది? ఆ మాట మీ నాన్నకు కూడా తెలిసే ఉంటుంది. కౌంటర్ అవతలి మనిషి "ఎలాంటి చక్కర్?" అని అడిగినప్పుడు చిక్కు మొదలవుతుంది. జవాబు చెప్పలేక తల ఊపుతారు, షాపువాడు చేతికందిన గోలీ ఇచ్చి పంపుతాడు. వెనకాల ఇంకో నలుగురు నిలబడి ఉంటే అతనికి రెండోసారి అడిగే ఓపిక కూడా ఉండదు.

అందుకే కళ్ళు తిరగడం గురించి కాస్త వివరంగా చెప్తాను. మనం అన్నిటికీ ఒకే మాట వాడతాం కానీ అందులో కనీసం మూడు వేరువేరు బాధలున్నాయి, మూడింటికీ మందు వేరు.

మొదటిది, గది మొత్తం గుండ్రంగా తిరుగుతున్నట్టు ఉండటం. పడుకుని పక్కకు తిరిగినా, తల పైకెత్తినా ఒక్కసారిగా మొదలవుతుంది, వాంతికొచ్చినట్టు ఉంటుంది. ఎక్కువసార్లు ఇది లోపలి చెవికి సంబంధించిన బాధ. దీనికి "సబ్ గోల్ గోల్ ఘూమ్ రహా హై" అనాలి. షాపుల్లో చక్కర్ అనగానే తీసిచ్చే బీటాహిస్టిన్, ప్రోక్లోర్‌పెరజైన్ లాంటి గోలీలు ఈ రకం బాధకే. నిజానికి అవి డాక్టరు చీటీ మీద ఇవ్వాల్సినవి.

రెండోది, కూర్చున్నవాడు లేవగానే కళ్ళ ముందు చీకట్లు కమ్మి, కొన్ని క్షణాల్లో తేరుకోవడం. ఎండలో పనిచేసి నీళ్ళు తక్కువ తాగినా, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినా, బీపీ గోలీ డోసు ఎక్కువైనా ఇలా అవుతుంది. దీనికి "ఖడే హోతే హీ అంధేరా ఆతా హై" అనాలి. పైన చెప్పిన గోలీలు దీనికి పనిచేయవు. ప్రోక్లోర్‌పెరజైన్ అయితే బీపీని ఇంకా దించే అవకాశం ఉంది. ఇక్కడ కావాల్సింది నీళ్ళు, ఓఆర్ఎస్, కాసేపు పడుకోవడం. బీపీ గోలీలు వాడేవాళ్ళయితే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

మూడోది మీ నాన్నకు అన్నిటికంటే ముఖ్యం. చెమటలు పట్టి, చేతులు వణికి, గుండె దడదడలాడి, కాళ్ళలో సత్తువ లేనట్టు తూలడం. షుగరు గోలీలు వేసుకునేవాళ్ళకు ఇలా అయితే షుగరు పడిపోయిందేమోనని ముందు అనుమానించాలి. "పసీనా ఆ రహా హై, హాథ్ కాంప్ రహే హైం, శుగర్ కీ గోలీ ఖాయీ హై" అనాలి. ఇంత వాక్యం గుర్తు లేకపోతే చొక్కా తడిని, వణికే చేతిని చూపించి "శుగర్" అన్నా సరిపోతుంది.

ఇలాంటి ఒక కేసు నేను దగ్గరుండి చూశాను. అప్పుడు ముంబై షాపులోనే ఉన్నాను. సాయంత్రం పూట కోస్గి వైపు మనిషి ఒకాయన, యాభై దాటి ఉంటాయి, తోటి కూలీ భుజం పట్టుకుని వచ్చాడు. "చక్కర్, చక్కర్" అన్నాడు, అంతే. మా షాపులో ఇంకొకతను అలవాటుగా బీటాహిస్టిన్ పట్టీ తీసి కత్తిరించబోతున్నాడు. ఆయన పక్కనున్నవాడితో "కాళ్ళల్ల జీవం లేదురా" అనడం వినబడి నేను తెలుగులో మాట కలిపాను. ముందు రోజు రాత్రి నుంచి విరేచనాలట. తింటే మళ్ళీ పోవాల్సి వస్తుందని పొద్దున్నుంచి ఏమీ తినలేదు. కానీ షుగరు గోలీ మానొద్దని ఊళ్ళో డాక్టరు గట్టిగా చెప్పాడని పొద్దున గోలీ మాత్రం వేసుకున్నాడు. జేబులో పట్టీ ఉంది, చూస్తే అది గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన గోలీ.

గ్లిమెపిరైడ్ మనం తిన్నా తినకపోయినా షుగరును దించుతూనే ఉంటుంది. కడుపులో ఏమీ లేనప్పుడు అది దించడానికి ఒంట్లో మిగిలిందే తక్కువ. షాపులో ఉన్న మీటరుతో వేలి చివర రక్తం తీసి చూస్తే 54 వచ్చింది. 70 కంటే తగ్గితే తక్కువ కిందే లెక్క. నాలుగు చిన్న చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, స్టూలు మీద కూర్చోబెట్టాం. పావుగంట తర్వాత మళ్ళీ చూస్తే 70 దాటింది, వణుకు తగ్గింది. అప్పుడు నాలుగు బ్రెడ్ ముక్కలు తినిపించి, తోడు వచ్చినవాడితోనే ఆటోలో దగ్గరున్న ప్రభుత్వ ఆసుపత్రికి పంపించాం. తేరుకున్న మనిషిని ఆసుపత్రికి ఎందుకు పంపామంటే, గ్లిమెపిరైడ్ పనిచేసే సమయం ఎక్కువ. చక్కెర నీళ్ళ బలం అయిపోయాక రాత్రి నిద్రలో షుగరు మళ్ళీ పడిపోవచ్చు, అప్పుడు చూసేవాళ్ళుండరు.

ఆ రోజు నాకు తెలుగు రాకపోతే ఆయన చక్కర్ గోలీ వేసుకుని గదికి పోయి పడుకునేవాడు. దీన్ని ఆపడానికి పెద్ద హిందీ అక్కర్లేదు: "సుబహ్ సే కుఛ్ నహీం ఖాయా, శుగర్ కీ గోలీ ఖాయీ హై." పొద్దున్నుంచి ఏమీ తినలేదు, షుగరు గోలీ వేసుకున్నాను. మీ నాన్నతో ఇది రోజూ ఒకసారి ఫోన్లో అనిపించండి, అలవాటైపోతుంది. పనికి పోయేటప్పుడు జేబులో కాస్త చక్కెర పొట్లమో, గ్లూకోజ్ పొడో ఉంచుకోమనండి. అలాంటి లక్షణాలు కనబడితే షాపు దాకా నడవకుండా ముందు అది నోట్లో వేసుకోవాలి.

సెంట్రింగు పని కాబట్టి ఇంకొకటి. కళ్ళు తిరగడానికి, వాంతులకు ఇచ్చే గోలీల్లో కొన్ని మత్తుగా ఉంటాయి. అవి వేసుకుని పరంజా మీదికి ఎక్కకూడదు. "ఊంచాయీ పే కామ్ కర్తా హూం, నీంద్ వాలీ దవా మత్ దీజియే" అని చెప్పాలి. ఎత్తులో పనిచేస్తాను, నిద్ర వచ్చే మందు ఇవ్వకండి అని. ఏ మందు ఇచ్చినా సరే, కళ్ళు తిరుగుతున్న రోజున మాత్రం పైకి ఎక్కొద్దని మీరే గట్టిగా చెప్పండి. మేస్త్రీ కింద పని చూపిస్తాడు, లేకపోతే ఒక రోజు కూలీ పోతుంది, అంతే.

ఇక కడుపు సంగతి. ఇక్కడ మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది "మోషన్" అన్న మాట దగ్గర. "మోషన్ ప్రాబ్లం" అంటే షాపువాడికి రెండు రకాలుగా అర్థమవుతుంది, విరేచనాలు ఎక్కువవుతున్నాయనీ, అసలు కావట్లేదనీ. విరేచనాలవుతున్న మనిషికి సాఫీగా పోవడానికి వాడే మందు ఇచ్చిన సంఘటన మా వీధిలో ఇంకో షాపులో జరిగింది. కాబట్టి ఎక్కువవుతుంటే "లూజ్ మోషన్" లేదా "దస్త్" అనాలి, కాకపోతే "కబ్జ్ హై" అనాలి. ఊరికే మోషన్ అనొద్దు.

"లూజ్ మోషన్" అన్నాక షాపువాడు తెలుసుకోవాల్సినవి మూడున్నాయి. ఎన్నిసార్లు, నీళ్ళలా పోతోందా, రక్తం గానీ జ్వరం గానీ ఉందా. "పానీ జైసా" అంటే నీళ్ళలాగా. "ఖూన్ నహీం హై, బుఖార్ నహీం హై" అంటే రక్తం లేదు, జ్వరం లేదు. ఉంటే "హై" అనాలి. ఈ చివరి రెండూ అతను అడగకపోయినా మీ నాన్నే చెప్పాలి. ఎందుకంటే విరేచనాలు ఆపడానికి చాలా షాపుల్లో లోపెరమైడ్ ఇస్తారు. రక్తమో జిగటో పడుతున్నప్పుడు, జ్వరం ఉన్నప్పుడు ఆ గోలీ వేసుకోకూడదు. పేగుల్లో ఉన్న ఇన్ఫెక్షన్ బయటికి పోకుండా లోపలే నిలిచిపోతుంది. అలాంటప్పుడు "డాక్టర్ కహాం హై?" అని అడిగి డాక్టరు దగ్గరికే పోవాలి.

రక్తం, జ్వరం లేని నీళ్ళ విరేచనాలైతే అడగాల్సింది ఓఆర్ఎస్. చాలావరకు రెండు మూడు రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. అందాకా పోయిన నీటినీ ఉప్పునూ తిరిగి ఒంట్లోకి ఎక్కించడమే అసలు వైద్యం. షాపువాళ్ళు దాంతోపాటు యాంటీబయాటిక్ కలిపి ఇవ్వడం అన్ని ఊళ్ళలోనూ ఉంది. మామూలు విరేచనాలకు దాని అవసరం రాదు. "సిర్ఫ్ ఓఆర్ఎస్ దీజియే" అంటే ఓఆర్ఎస్ ఒక్కటే ఇవ్వమని. "పౌడర్ వాలా" అని కూడా చేర్చండి. పండ్ల రుచితో డబ్బాల్లో వచ్చే తీపి పానీయాలను ఓఆర్ఎస్ పేరుతో చాలాకాలం అమ్మారు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అయినా ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనడమే మంచిది.

కలపడంలో కూడా పొరపాట్లు జరుగుతాయి. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో కలపాలి, చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లలో. ఎంత నీరన్నది ప్యాకెట్ మీద ఉంటుంది. పెద్ద ప్యాకెట్‌ను గ్లాసులో కలిపి తాగితే ఉప్పు ఎక్కువై అదే హాని చేస్తుంది. కొంచెం కొంచెం పొడి వేసుకుని తాగితే సరిపోదు. పనిచోట లీటరు నీళ్ళ సీసా ఎక్కడైనా దొరుకుతుంది, అందులో పెద్ద ప్యాకెట్ మొత్తం పోసి కలిపితే కొలత తప్పదు. విరేచనం అయినప్పుడల్లా ఒక గ్లాసు చొప్పున నెమ్మదిగా తాగాలి. కలిపింది ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలి.

షుగరున్నవాళ్ళు ఓఆర్ఎస్ తాగొచ్చా అని మా షాపులో చాలామంది అడుగుతారు. తాగొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. అది లేకపోతే పేగులు ఉప్పును సరిగా పీల్చుకోలేవు. షుగరు భయంతో వట్టి నీళ్ళు తాగుతూ కూర్చుంటే నీరసం ఇంకా పెరుగుతుంది. కిడ్నీ జబ్బో, గుండె జబ్బో ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరును అడిగి తాగాలి. ఇంకో సంగతి, మెట్‌ఫార్మిన్ కొందరికి కడుపు పాడు చేస్తుంది. కొత్తగా మొదలుపెట్టినప్పుడు, డోసు పెంచినప్పుడు విరేచనాలు రావచ్చు. మీ నాన్నకు ఈమధ్య గోలీ మార్చారేమో కనుక్కోండి. అలా అని సొంతంగా ఆపేయొద్దు. వాంతులు, విరేచనాలు ఎక్కువై తిండి తినలేకపోతున్న రోజున షుగరు గోలీ వేసుకోవాలా వద్దా అన్నది రాసిన డాక్టరుకు ఫోన్ చేసి అడగాలి. ఆ ఫోన్ మీరు ఊరి నుంచి చేయొచ్చు.

కడుపు నొప్పి విషయంలో మాటకంటే వేలే బాగా చెప్తుంది. "యహాం దర్ద్ హై" అని నొప్పి ఉన్నచోట ఒక వేలితో చూపించాలి. అరచేత్తో కడుపంతా రాస్తే ఏమీ తెలియదు. బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు వచ్చి విరేచనం కాగానే తగ్గితే "మరోడ్" అంటారు, అది ఈ విరేచనాలతో వచ్చేదే. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగి అక్కడే నిలిచిపోతే అపెండిక్స్ కావచ్చు, దానికి షాపులో మందు లేదు. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులుంటే "సీనే మే జలన్, ఖట్టీ డకార్" అనాలి.

"గ్యాస్" అని మాత్రం అనొద్దు. మన దగ్గర ఛాతీలో ఏం జరిగినా గ్యాస్ పట్టిందంటాం. షాపువాడు ఆ మాట విని గ్యాస్ గోలీ ఇచ్చేస్తాడు. కడుపు పైభాగంలో బరువుగా నొప్పి, చెమటలు, దవడకో ఎడమ చేతికో పాకడం ఉంటే అది గుండెపోటు కావచ్చు. షుగరున్నవాళ్ళలో గుండెపోటు పెద్ద నొప్పి లేకుండా కూడా వస్తుంది, అందుకని మరీ జాగ్రత్త.

మందు తీసుకున్నాక వాళ్ళు చెప్పేది అర్థమైందో లేదో అన్నది ఇంకో సమస్య. "ఖానే కే బాద్" అంటే తిన్నాక, "ఖానే సే పహలే" అంటే తినకముందు, "ఖాలీ పేట్" అంటే పరగడుపున. విని గుర్తుపెట్టుకోవడం కంటే పట్టీ మీద రాయించుకోవడం మేలు. "ఇస్ పే లిఖ్ దీజియే" అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని 1-0-1 లెక్కన పెన్నుతో రాసిస్తారు. పట్టీ కత్తిరించి ఇస్తే పేరూ గడువు తేదీ ఉన్న ముక్క అడగాలి. తర్వాత మీరు వాట్సాప్‌లో ఫోటో తెప్పించుకుని ఇక్కడ ఎవరికైనా చూపించడానికి అదే ఆధారం.

ఇదంతా నోటికి రాదనుకుంటే ఒక చీటీ తయారుచేయండి. మీ ఊళ్ళో హిందీ వచ్చిన టీచరుతోనో పిల్లలతోనో హిందీ అక్షరాల్లో రాయించండి. పేరు, వయసు, షుగరుంది, ఏ మందు పడదు, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలి. గోలీల పేర్లు మాత్రం పట్టీ మీద ఎలా ఉంటే అలాగే మిల్లీగ్రాములతో సహా ఎక్కించండి. గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము వేరు, 2 వేరు. ఖాళీ అయిన పట్టీ ఒకటి ఆ చీటీతో కలిపి ప్లాస్టిక్ కవరులో పెట్టి పర్సులో ఉంచుకోమనండి. చెమటకు కాగితం నానిపోతుంది కాబట్టి కవరు తప్పకుండా కావాలి.

చివరగా, షాపుకు పోకుండా నేరుగా ఆసుపత్రికి పోవాల్సినవి. కళ్ళు తిరగడంతో పాటు మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒకవైపు చేయి లేవకపోయినా. ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా. వాంతిలో రక్తం పడినా, విరేచనం తారులా నల్లగా ఉన్నా. తాగిన నీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా, ఆరేడు గంటలుగా ఒంటికి పోకపోయినా. మహారాష్ట్రలో కూడా అంబులెన్స్‌కు 108. ఫోన్లో "ఆద్మీ బేహోశ్ హై" అనో "ఏక్ తరఫ్ హాథ్ నహీం ఉఠ్ రహా" అనో చెప్పి, సైటు పేరు, దగ్గర్లో ఉన్న పెద్ద గుర్తు చెప్పాలి. ఆ సైటు చిరునామా హిందీలో ఎలా చెప్పాలో మేస్త్రీని అడిగి ఇవాళే మీ నాన్న ఫోన్లో రికార్డు చేయించి పెట్టండి, పక్క గది వాళ్ళకు కూడా పంపించమనండి.